ఒక అవ్వ, ముగ్గురు పిల్లలు, డెబ్బై చింతగింజలు

కోవిల్‌పట్టికి వాయవ్యాన, పెద్ద రోడ్డు విడిచి నల్లరేగడి చేలలోకి వెళ్లే దారిలో మా అక్క ఊరు. ఆమె కూతురూ అల్లుడూ విరుదునగరులో ఉంటారు. మధ్య దూరం సాత్తూరు మీదుగా 50 కిలోమీటర్లు మాత్రమే. ఒక శుక్రవారం సాయంత్రం వారిద్దరూ కోయంబత్తూరులో పెళ్లికి పోతూ పిల్లలు ముగ్గురినీ అక్క దగ్గర దింపి వెళ్లారు. పెద్దపిల్లకు పదకొండేళ్లు, నడిమివాడికి ఏడు, చిన్నవాడికి రెండు నిండి మూడు నెలలు. అక్కకు 64. బావగారు పోయి నాలుగేళ్లయింది గనుక ఇంట్లో మరొక పెద్ద చేయి లేదు. శనివారం ఉదయం నేను చేరుకున్నాను గాని, నేను చూసినవాణ్ణే తప్ప బరువు మోసినవాణ్ణి కాను. ఆ రెండు రోజులలో ఆమె చేసిన ఏర్పాటు మన పల్లెలలోని అవ్వలకూ తాతలకూ పనికి వచ్చేదిగా తోచి ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆ ప్రాంతం ఎరుగని పాఠకులకు ఒక మాట. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరు చుట్టుపట్ల పల్లెలలో తరతరాలుగా ఇంట తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడే కుటుంబాలు అనేకం. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో 1923లో పుట్టి 2021లో మరణించిన ప్రసిద్ధ తమిళ రచయిత కి. రాజనారాయణన్ అటువంటి తెలుగు ఇంటివారే. ఆ ఇళ్లలో పిల్లలకు తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. చదువంతా తమిళంలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. ఈ సంగతి తరువాత చింతగింజల లెక్కలో పనికి వస్తుంది.

ముగ్గురు పిల్లలు అనగానే మనకు తోచేది మూడు రకాల వంట, మూడు రకాల ఆట. మూడవ వంటకం దించేసరికి మొదటివాడు మళ్లీ ఆకలి అంటాడు. అక్క పద్ధతి వేరు. వంట ఒక్కటే, ఆట ఒక్కటే, అందులో ఎవరి పని వారికి. అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. పెద్దపిల్లలు ఇష్టపడే వస్తువులలో చాలా భాగం చిన్నవాడి గొంతుకు సరిగ్గా అడ్డుపడే పరిమాణంలో ఉంటాయి. చింతగింజలు, గవ్వలు, గోళీలు, వేరుసెనగలు అన్నీ అంతే. కోవిల్‌పట్టి అంటేనే కడలైమిఠాయి. వేరుసెనగపప్పును బెల్లంపాకంలో పోసి చేసే ఆ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పిల్లలు ఊరు దిగగానే అడిగేది అదే. రెండేళ్లవాడికి అది ఇవ్వరాదు. వాడికి కొరికే ముందుపళ్లు ఉన్నాయి గాని, నమిలి నలిపే దవడపళ్లు ఇంకా పూర్తిగా రాలేదు. పప్పును రెండు బద్దలు చేసి మింగబోతాడు, ఆ బద్ద ఊపిరిగొట్టం వైపు జారుతుంది. ఐదేళ్లు నిండే వరకు వేరుసెనగను పప్పుగా పెట్టకూడదనేది వైద్యులు చెప్పే మాట. మెత్తని పొడిగా చేసి అరటిపండులోనో అన్నంలోనో కలిపి పెట్టవచ్చును. అదైనా వాడు మునుపు తిని ఒళ్లు దద్దురు లేవలేదని తల్లిని అడిగి తెలుసుకున్న తరువాతే.

శుక్రవారం రాత్రి పిల్లలు పడుకున్నాక అక్క చేసిన పని పావుగంటది. నేలమీద కూర్చుని, రెండేళ్లవాడి కన్ను ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తునుంచి ఇల్లంతా చూసిందట. తన వక్కాకు పెట్టె కంటబడింది. అందులో చక్కెరజబ్బు మాత్రలు. కొన్ని రకాల చక్కెర మాత్రలు ఒక్కటి మింగినా పసివాడి రక్తంలో చక్కెర ప్రాణాపాయమయ్యేంత పడిపోతుంది. ఆ పెట్టె అటకెక్కింది. స్నానాల గదిలో సగం నీళ్లున్న బకెట్టు బోర్లబడింది. పసివాడు తల్లకిందులుగా పడితే జానెడు నీరు చాలు, అరుపు కూడా బయటికి రాదు. పెరటి బావికి మూత ఉన్నది గాని దారి తలుపుకు గొళ్లెం కిందివైపు ఉన్నది. పైన ఒక మేకు కొట్టి తాడు బిగించింది. అగ్గిపెట్టెలు పై గూటికి చేరాయి. అంతకు మించి ఏమీ సర్దలేదు. ఇల్లంతా సర్దబోతే తెల్లవారేదాకా మనమే మేలుకుని మరునాడు పిల్లల మీద విసుక్కుంటామని ఆమె అన్నది. నాకూ నిజమే అనిపించింది.

శనివారం పొద్దున ఇడ్లీ. పిండి ముందురోజే రుబ్బి ఉన్నది గనుక చెప్పవలసింది లేదు. మధ్యాహ్నం పప్పు, అన్నం. ఇక్కడే ఒక గిన్నెలోంచి మూడు వంటలు తీసే ఉపాయం మొదలవుతుంది. కందిపప్పు పసుపు వేసి మెత్తగా ఉడికాక, కారం, పులుసు పడకముందే ఒక గరిటె పప్పు విడిగా తీసి పెట్టింది. అందులో మెత్తని అన్నం పిసికి, చెంచాడు నెయ్యి, చిటికెడు ఉప్పు. అదే చిన్నవాడి భోజనం. మిగిలినదానిలో పులుసు పోసి, కూరముక్కలు వేసి, కారం సగమే వేసి నడిమివాడికి తీసింది. తక్కిన కారం పడినది పెద్దపిల్లకూ మాకూ. కారం వేశాక తగ్గించడం సాధ్యం కాదు, వేయకముందు తీయడం సుళువు. వంట ఒక్కటే అయినా తీసే వేళ మూడు.

చిన్నవాడి ఆకలి గురించి అవ్వలు తరచుగా పొరబడతారు. రెండేళ్లవాడి పొట్ట వాడి పిడికిలి కన్నా మరీ పెద్దదేమీ కాదు. వాడు మూడు పూటలు నిండుగా తినలేడు, ఐదు సార్లు కొంచెం కొంచెం తింటాడు. పదకొండు గంటలకు గ్లాసుడు పాలు పట్టి, పన్నెండున్నరకు అన్నం తినడం లేదని బాధపడటం మనమందరం చేసే పనే. పాలు ఆకలిని చంపుతాయి. అక్క పాలు నిద్ర లేచాక ఒకసారీ పడుకోబోయే ముందు ఒకసారీ మాత్రమే ఇచ్చింది. నడుమ అడిగితే నీళ్లూ అరటిపండూ. సాత్తూరు దోసకాయ తెచ్చి ఉన్నాను. పెద్దవాళ్లకు ముక్కలుగా కోసి, చిన్నవాడికి గింజ తీసి తురిమి పెట్టింది.

ఒంటిగంటకు చిన్నవాడు నిద్రపోయాడు. ఒంటిగంట మొదలు మూడు దాకా పెద్దపిల్లలిద్దరికీ దక్కే వేళ. ఆ వేళకే అక్క వామనగుంటల పీటను దింపింది. తమిళులు పల్లాంగుళి అనేది అదే. పదునాలుగు గుంటలు, ఎదురెదురుగా ఏడేసి. గుంటకు ఐదు చొప్పున డెబ్బై చింతగింజలు. తన వైపు ఉన్న ఒక గుంటలోని గింజలన్నీ తీసుకుని, వరుసగా గుంటకొకటి జారవిడుస్తూ పోవాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. పక్క గుంట ఖాళీ అయితే, దానిని వేలితో తుడిచి, దాని అవతలి గుంటలో ఉన్నవన్నీ గెలుచుకోవాలి. అంతటితో ఎదుటివారి వంతు. మా ఇళ్లలో ఆడే తీరు ఇది. ఊరూరికీ కొద్ది తేడాలు ఉంటాయి.

పదకొండేళ్ల పిల్లా ఏడేళ్లవాడూ సమంగా ఆడితే పావుగంటలో ఏడుపుతో ముగుస్తుంది. అక్క ఒక్క నిబంధన పెట్టింది. తమ్ముడు గుంటలో గింజలను ముట్టి లెక్కపెట్టుకోవచ్చును. అక్కగారు మాత్రం చూపుతోనే అంచనా వేసి గుంటను ఎన్నుకోవాలి, చేయి పెడితే అదే ఆట. ఈ ఒక్క తేడాతో ఆట నిజమైన పోటీ అయింది. పెద్దపిల్ల కన్ను చురుకుదైనా ఎనిమిది గింజలను తొమ్మిదిగా చూసి రెండుసార్లు నష్టపోయింది. చిన్నవాళ్లను కావాలని గెలిపించడం కన్నా పెద్దవాళ్లకు ఆటను కష్టం చేయడం మేలని నాకు తోచింది. ఏడేళ్లవాడు దొంగగెలుపును వెంటనే కనిపెడతాడు.

ఆటకు ముందు నడిమివాడికి ఇంకొక పని ఉన్నది. వాడు గింజల కాపరి. పీట పరచగానే డెబ్బై లెక్క చెప్పాలి, ఆట ముగిశాక డెబ్బై లెక్క అప్పగించాలి. అదీ తెలుగులో. వాడికి ఇరవై వరకు వచ్చును, ఆపైన తమిళంలోకి జారిపోతాడు. ఇరవై తొమ్మిది దాటాక “ముప్పై అను నాయనా” అని అక్క అందించేది. మొదటిసారి లెక్కకు పది నిమిషాలు పట్టింది. ఈ లెక్క చదువు కోసం పెట్టినదేమీ కాదు. ఇంట్లో రెండేళ్లవాడు ఉండగా చింతగింజలు నేలమీదికి దించాలంటే దించినన్ని ఎత్తాలి, అంతే.

రెండున్నరకు చిన్నవాడు ముందుగానే లేచాడు. తప్పటడుగులతో వచ్చి పీట పక్కన నిలబడ్డాడు. అక్క కాఫీకి లోపలికి వెళ్లి ఉన్నది, నేను వార్తాపత్రికలో ఉన్నాను. పెద్దపిల్ల వాడిని చంకనెత్తుకుని ఆట ఆపింది. నడిమివాడు లెక్కపెట్టాడు. అరవై తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాడు, అరవై తొమ్మిదే. అక్క గుమ్మంలో నిలబడిపోయింది. ముఖంలో రక్తం లేదు. “వాడి నోరు చూడు తల్లీ” అన్నది. పెద్దపిల్ల నోరు తెరిపించి చూసింది, ఏమీ లేదు. చాప ఎత్తి దులిపాం, లేదు. చివరకు చిన్నవాడి ఎడమ పిడికిలి విప్పితే గింజ అందులో ఉన్నది, చెమటకు తడిసి మెరుస్తున్నది. లెక్క లేకపోతే ఆ గింజ మరో నిమిషంలో ఎక్కడికి పోయేదో మాకు తెలిసేది కాదు. ఆ తరువాత చిన్నవాడు నిద్ర లేస్తే పీట లేవాలన్న నిబంధన వచ్చింది. ఆదివారం దానిని ఎవరూ గుర్తు చేయవలసిన అవసరం రాలేదు.

గింజ నోట్లోకి పోయి ఉంటే ఏమి చేయాలో ఇక్కడే చెప్పడం మంచిది. పిల్లవాడు గట్టిగా దగ్గుతున్నాడంటే, ఏడుస్తున్నాడంటే గాలి ఆడుతున్నట్లు. వీపు చరచక, వాడిని ముందుకు వంచి, దగ్గనివ్వాలి. ఆ దగ్గే గింజను బయటికి తోస్తుంది. దగ్గు శబ్దం లేకుండా పోయి, ఏడుపు రాక, పెదవులు నీలబడుతుంటే గాలి ఆగినట్లు. అప్పుడు ఏడాది దాటిన పిల్లవాడినైతే తల కిందికి ఉండేలా మన తొడమీద బోర్లా వంచి, రెండు రెక్కల ఎముకల నడుమ అరచేతి మడమతో 5 దెబ్బలు గట్టిగా వేయాలి. రాకపోతే వెనుకనుంచి పట్టుకుని, బొడ్డుకు పైన, పక్కటెముకలకు దిగువన పిడికిలి ఉంచి, లోనికీ పైకీ 5 సార్లు కుదుపుగా నొక్కాలి. మళ్లీ వీపు, మళ్లీ పొట్ట. ఆ లోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి. పిల్లవాడు స్పృహ తప్పి ఒళ్లు వదిలేస్తే దెబ్బలు మాని, నేలపై వెల్లకిలా పడుకోబెట్టి, 108 వారు ఫోన్‌లో చెప్పినట్లు గుండె నొక్కడం మొదలుపెట్టాలి. ఏడాది లోపు పసికందుకు పొట్ట నొక్కరాదు, అక్కడ రొమ్ము ఎముక మీద నొక్కుతారు. కనబడని గింజ కోసం నోట్లో వేలు పెట్టి కెలకరాదు, అది ఇంకా లోపలికి పోతుంది. మన పల్లెలలో నీళ్లు తాగించడమూ అన్నం ముద్ద మింగించడమూ వాడుక. గాలి గొట్టంలో ఉన్నదానికి ఇవి కీడే చేస్తాయి. ఇంకొక మోసం ఏమంటే, గింజ ఒక్కొక్కసారి ఊపిరితిత్తిలోకి జారి, పిల్లవాడు కాసేపటికి మామూలుగా ఆడుకుంటాడు. హఠాత్తుగా పొలమారి, ఆ తరువాత వదలని దగ్గో ఈల వంటి ఊపిరో వినబడితే ఆ రోజే డాక్టరుకు చూపాలి. పొట్ట నొక్కి గింజను రప్పించిన పిల్లవాడినీ ఒకసారి చూపించడం అవసరం.

సాయంత్రం పరుగుల ఆటకు అక్క చేనిలోకి పోనివ్వలేదు. నల్లరేగడి ఎండకు పగిలి, పాదం పట్టేంత నెర్రెలు ఇస్తుంది. ఊడ్చిన వాకిట్లోనే దాగుడుమూతలు. కళ్లు మూసుకునేది అక్క, చిన్నవాడు ఆమె ఒడిలో సహాయకుడు. వాడికి కళ్లు మూసుకోవడమే ఆట. దాగకూడని చోట్లు ముందే చెప్పింది. బావి వైపు, పత్తి గది, గొడ్ల పాక. అరగంటలో అందరికీ చెమట పట్టింది.

ఐదు గంటలకు అసలు ఆట మొదలైంది. మనం గుజ్జనగూళ్లు అనేదాన్ని అక్కడి తమిళులు కూటాంచోరు అంటారు. పిల్లలు తలా పిడికెడు తెచ్చి కలిసి వండుకునే అన్నం. బొమ్మవంట కాదు, ఆ రాత్రి భోజనమే అది. ఐదు గంటలకే ఎందుకంటే, చిన్నవాడు ఆరున్నరకు తినాలి, ఎనిమిదికి పడుకోవాలి. కట్టెలపొయ్యి మీద గంట పడుతుంది. ఆరింటికి మొదలుపెడితే అన్నం ఉడికేసరికి వాడు ఏడ్చి ఏడ్చి తినకుండా నిద్రపోతాడు. పొయ్యి చుట్టూ సున్నంతో గీత గీసి, అక్క తప్ప ఎవరూ దాటరాదన్నది.

ఐదుగురికి 2 గ్లాసుల బియ్యం, 1 గ్లాసు కందిపప్పు. రెండు వంకాయలు, ఒక అరటికాయ, ఒక మునగకాయ, గుప్పెడు మునగాకు. పెద్దపిల్ల పళ్లెంలో పెట్టుకుని చిన్న చాకుతో ముక్కలు కోసింది. కత్తిపీట అడిగింది గాని అక్క ఇవ్వలేదు. నడిమివాడు మునగాకు దూసాడు. చిన్నవాడి ముందు వెడల్పు గిన్నెలో రెండు వేళ్ల లోతు నీళ్లు పెట్టి, దూసిన ఆకును అందులో వేయమన్నది. వాడు వేసి, తీసి, మళ్లీ వేసి, అరగంట కదలలేదు. పని అయ్యాక ఆ నీళ్లు వెంటనే పారబోసింది.

పప్పు ముందుగా 4 గ్లాసుల నీళ్లలో సగం ఉడకాలి. తరువాత బియ్యం, ముక్కలు, వేడినీళ్లు మరో 5 గ్లాసులు. పసుపు, ఉప్పు. చింతపండు పులుసును పప్పు పూర్తిగా మెత్తబడేవరకు పోయరాదు. పులుపు పడితే పప్పు ఎంత మంట పెట్టినా ఉడకదు. వేళ్ల మధ్య పప్పును నొక్కితే పలుకు తగలకుండా నలగాలి. అదే గుర్తు. అప్పుడు మునగాకు వేసి కలిపి, చిన్నవాడికి రెండు గరిటెలు తీసింది. అందులోని మునగకాయ ముక్కను చెంచాతో గీకి, గుజ్జు మాత్రం కలిపి, పీచు పారవేసింది. ఆ తరువాతే పులుసూ, కొబ్బరి, జీలకర్ర, ఎండుమిరపకాయ నూరిన ముద్దా పడ్డాయి. గిన్నె అడుగు ఒక వైపు కొద్దిగా మాడింది. కట్టె మంట తగ్గించడం నా పని, మాటల్లో మరచిపోయాను. మాడినదాన్ని గీకకుండా పైదే వడ్డించారు గనుక వాసన పట్టలేదు. విరుదునగరులో వంకాయ ముట్టని నడిమివాడు రెండోసారి పెట్టించుకున్నాడు, తాను దూసిన ఆకు అందులో ఉన్నదని అందరికీ చెప్పుకుంటూ.

పెద్దపిల్లను గురించి ఒక మాట అనాలి. ఇటువంటి వేళల్లో మనం పదకొండేళ్ల ఆడపిల్లను చిన్న తల్లిని చేసేస్తాం. అక్క ఆమెకు పనులు చెప్పింది గాని చిన్నవాడి కాపలా అప్పగించలేదు. రాత్రి తమ్ముళ్లు పడుకున్నాక అరగంటసేపు ఆమెతో మాత్రమే పులిజూదం ఆడింది. మూడు పులులు, పదిహేను మేకలు, నేలమీద ముగ్గుపిండితో గీసిన పటం. ఆ అరగంట కోసమే పగలంతా ఆ పిల్ల ఫోను అడగలేదని నా అనుమానం.

ఆదివారం పొద్దున ఒక ప్రయత్నం సరిగా సాగలేదు. అక్క శనివారం రాత్రే సజ్జ సంగటి వండి, నీళ్లలో ఉంచి, పొద్దున మజ్జిగ కలిపి చిన్న ఉల్లిపాయలతో పెట్టింది. అక్కడివారు కంబు అంటారు. ఆ నేలకు తరాల తిండి అది. పెద్దపిల్ల మర్యాదకు సగం తాగింది. నడిమివాడు వాసన చూసి గిన్నె తోసేశాడు. అక్క ఏమీ అనక, మిగిలిన పిండితో దోసె పోసి, దాని పక్కన ఒక చెంచాడు సంగటి మాత్రం ఉంచింది. తిన్నాడో లేదో చూడలేదు కూడా. కొత్త తిండిని పూటకు పూట పెడితే పిల్లలు ఆకలితో లేస్తారు, చెంచాడు పెడితే వదిలేసినా నష్టం లేదు. చిన్నవాడు మాత్రం మజ్జిగలో పలుచగా కలిపినది గిన్నెడు తాగాడు.

సాయంత్రం ఐదింటికి కూతురూ అల్లుడూ వచ్చారు. అక్క ఒక కాగితం చేతికిచ్చింది. చిన్నవాడు ఏ వేళ ఏమి తిన్నాడో, ఎప్పుడు పడుకున్నాడో, ఆదివారం మధ్యాహ్నం ఒకసారి విరేచనం పలుచగా అయిన సంగతీ అందులో ఉన్నాయి. ఆమె చెప్పగా పెద్దపిల్ల తమిళ లిపిలో తెలుగు మాటలు వ్రాసింది. గింజ సంగతి కూడా దాచలేదు. కూతురు ఆ వాక్యం దగ్గర ఆగి, చిన్నవాణ్ణి ఒకసారి దగ్గరికి తీసుకుంది.

నడిమివాడు పీట ఇంటికి తీసుకుపోతానన్నాడు. పీట ఇవ్వలేదు గాని గింజలు గుడ్డ సంచిలో పోసి ఇచ్చింది. వాడు వాకిట్లోనే కూర్చుని డెబ్బై లెక్కపెట్టి, మూతి బిగించి, సంచిని తండ్రి చేతికిచ్చి, తమ్ముడికి అందని మేకుకు తగిలించాలని చెప్పాడు.